గ్రూప్‌-2 ప్రిలిమ్స్‌కు పద్నాలుగు రోజులు: ప్రణాళిక మొదలవ్వాల్సింది గ్రాండ్ టెస్ట్‌తో

ఏపీపీఎస్సీ గ్రూప్‌-2 స్క్రీనింగ్ పరీక్షకు ఇంకా రెండు వారాలే ఉన్నాయనగానే చాలామంది చేసే మొదటి పని ఒకటుంది. తెల్లకాగితం తీసుకుని రోజుల్ని సబ్జెక్టులతో భాగిస్తారు. చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, కరెంట్ అఫైర్స్, మెంటల్ ఎబిలిటీ, మొత్తం ఐదు విభాగాలు. ఒక్కోదానికి 30 మార్కులు కాబట్టి తలా రెండున్నర రోజులు ఇచ్చి, మిగిలిన ఒకటిన్నర రోజు 'ఫుల్ రివిజన్' అని రాస్తారు. చూడటానికి లెక్క సమంగానే ఉంటుంది. కానీ మూడో రోజు మధ్యాహ్నానికి ముగించిన చరిత్ర మళ్లీ పదమూడో రోజు దాకా చేతికి రాదు. ఆ పది రోజుల్లో అందులో సగం జారిపోతుంది. చివరి ఒకటిన్నర రోజులో ఐదు విభాగాలూ తిరగేయడం అంటే పేజీలు తిప్పడమే తప్ప రివిజన్ కాదు.

ఈ పద్ధతిలో అసలు లోపం సమయం పంచడంలో లేదు. మనకు ఏది రాదో తెలుసుకోకముందే సమయం పంచేశాం, అదే తప్పు. అందుకే మొదటి రోజు పుస్తకం తీయకుండా గ్రాండ్ టెస్ట్ రాయాలని నేనంటాను. ఏమీ చదవకుండా టెస్ట్ రాస్తే మార్కులు తక్కువొచ్చి టెన్షన్ పెరుగుతుందని భయపడి చాలామంది దాన్ని పదో రోజుకు నెడతారు. పదో రోజున బయటపడిన లోపాన్ని సరిదిద్దడానికి నాలుగు రోజులే మిగులుతాయి, అవి చాలవు.

ఒక షరతు ముందే చెప్పాలి. ఇది సిలబస్‌ను కనీసం ఒకసారి చదివినవాళ్లకు పనికొచ్చే ప్రణాళిక. అసలు పుస్తకమే తెరవనివాళ్లకు పద్నాలుగు రోజుల్లో ఐదు విభాగాలు పూర్తిచేయించే టైమ్‌టేబుల్ ఎవరి దగ్గరా ఉండదు.

మొదటి రోజు టెస్ట్ ఎలా రాయాలో చూద్దాం. 150 బిట్లు, 150 నిమిషాలు, ప్రింట్ తీసిన ఓఎంఆర్ షీటు, బాల్ పెన్ను. అసలు పరీక్ష ఏ వేళకు మొదలవుతుందో ఆ వేళకే కూర్చోవాలి. దీనికి ఒక చిన్న అలవాటు కలపాలి. ప్రతి బిట్ దగ్గర ప్రశ్నపత్రంపై ఒక గుర్తు పెట్టాలి. కచ్చితంగా తెలుసనుకుంటే టిక్. రెండు ఆప్షన్లు తీసేసి మిగిలిన రెండిట్లో ఏదో తేల్చుకోలేక పెడితే అడ్డగీత. గుడ్డిగా పెడితే చుక్క. రాస్తున్నప్పుడు ఇది రెండు సెకన్ల పని. కానీ మిగతా పదమూడు రోజుల ప్రణాళిక అంతా ఈ మూడు గుర్తుల మీదే నడుస్తుంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒక అభ్యర్థి 128 బిట్లు పెట్టాడు, 22 వదిలేశాడు. 71 సరైనవి, 57 తప్పులు. ఒక్కో తప్పుకూ మూడో వంతు మార్కు పోతుంది కాబట్టి 57 తప్పులకు 19 పోయి, నికరంగా 52 మిగిలాయి. చాలామంది ఇక్కడితో ఆగి '52 వచ్చింది, ఇంకా చదవాలి' అనుకుంటారు. ఎంత చదవాలో, ఏది చదవాలో ఆ 52 చెప్పదు. గుర్తుల్ని బట్టి విడదీస్తే చెబుతుంది.

టిక్ పెట్టినవి 54. వాటిలో 46 సరైనవి, 8 తప్పు. నికరంగా వచ్చినవి 43 మార్కుల పైచిలుకు. అడ్డగీత పెట్టినవి 44. వాటిలో 18 సరైనవి, 26 తప్పు. నికరం 9 మార్కుల పైచిలుకు. చుక్క పెట్టినవి 30. ఏడు సరైనవి, 23 తప్పు. వాటి నికరం సున్నా కన్నా కాస్త కిందికే పోయింది.

చుక్కల లెక్క యాదృచ్ఛికం కాదు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే నాలుగింట ఒకటి తగులుతుంది, మూడు పోతాయి. ఒకటికి ఒక మార్కు వస్తుంది, మూడు తప్పులకు మూడు మూడో వంతులు కలిసి ఒక మార్కు పోతుంది. దీర్ఘకాలంలో మిగిలేది సున్నా. అంటే గుడ్డిగా పెట్టినవాడు సగటున నష్టపోడు, లాభమూ ఉండదు, ఖర్చయ్యేది సమయమే. అదే రెండు ఆప్షన్లు నిజంగా తీసేయగలిగితే రెండింట ఒకటి తగులుతుంది, అప్పుడు ఒక్కో బిట్‌కు సగటున మూడో వంతు మార్కు లాభం. కాబట్టి 'నెగిటివ్ ఉంది, డౌటుంటే వదిలెయ్' అని కోచింగుల్లో వినిపించే మాట అడ్డగీతలకు వర్తించదు. ఆ మాట విని 44 అడ్డగీతలూ వదిలేసి ఉంటే ఈ అభ్యర్థి తొమ్మిది మార్కులు చేతులారా పోగొట్టుకునేవాడు.

ఇక ప్రణాళికకు ముడిసరుకు ఎక్కడుందో చూడండి. అడ్డగీత పెట్టి తప్పుపోయిన ఆ 26 బిట్లు ఒకప్పుడు చదివినవే, కాకపోతే సగం గుర్తున్నవి. వీటిలో ఒక్కోటి సరైతే ఒక మార్కు రావడమే కాదు, పోయే మూడో వంతు కూడా మిగులుతుంది. పన్నెండు సరిచేస్తే 16 మార్కులు. చుక్క పెట్టి పోయిన 23 మాత్రం ఎప్పుడూ చదవని టాపిక్‌లవి. వాటిని మొదటి నుంచి చదివి, పరీక్ష దాకా నిలబెట్టుకోవడానికి పట్టే సమయం చాలా ఎక్కువ. స్క్రీనింగ్ మార్కులు తుది ర్యాంకులో కలవవు. ఇక్కడ కటాఫ్ దాటడమే పని, సిలబస్ అంతా తాకడం కాదు. కాబట్టి రెండు వారాలు ముందు సగం తెలిసినవాటికి ఇవ్వాలి, తెలియనివాటికి మిగిలితే ఇవ్వాలి. మన సహజ ధోరణి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 'ఇది అస్సలు రాదు' అనే భయం మనల్ని ఎప్పుడూ కొత్త పుస్తకం వైపే లాగుతుంది.

టిక్ పెట్టి పోయిన ఎనిమిదింటిని విడిగా ఒక చిన్న నోటుబుక్కులోకి ఎక్కించాలి. తెలుసనుకున్నది తప్పుగా తెలిసి ఉండటం చాలా ప్రమాదం, ఎందుకంటే దాన్ని మనం రివిజన్‌లో దాటేస్తాం. ఆర్యసమాజం, దివ్యజ్ఞాన సమాజం రెండూ పుట్టింది 1875లోనే. ఒకటి బొంబాయిలో, ఇంకోటి న్యూయార్క్‌లో. జతపరచమన్నప్పుడు ఈ రెండూ తారుమారు చేసి ధీమాగా టిక్ పెట్టేవాళ్లు ఎంతమందో. అలాగే రాజ్యాంగంలో ఎస్సీ కమిషన్‌కు అధికరణ 338, ఎస్టీ కమిషన్‌కు 338ఏ, బీసీ కమిషన్‌కు 338బీ. వీటిని విడివిడిగా చదివితే కలగాపులగం అవుతాయి, పక్కపక్కన ఒకే గీతలో రాసుకుంటే విడిపోతాయి. ఆ నోటుబుక్కులో సరైన జవాబు ఒక్కటే రాస్తే చాలదు. దేనితో పొరబడ్డామో కూడా రాయాలి. కొందరు సరికానిది అడిగితే సరైనది పెట్టి వస్తారు. అది చదువు లోపం కాదు కాబట్టి దాని కోసం చరిత్ర పుస్తకం తీయనక్కర్లేదు, ప్రశ్నలో ఆ మాట కింద గీత గీసే అలవాటు చేసుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు క్యాలెండర్. జ్ఞాపకంతో పనుండే మూడు విభాగాల్ని, అంటే చరిత్ర, భూగోళం, సమాజాన్ని, గంటన్నరలో ఒకసారి పూర్తిచేయగల టాపిక్‌లుగా విడగొట్టాలి. 'ఆధునిక చరిత్ర' అనేది టాపిక్ కాదు, 'సంఘ సంస్కరణ ఉద్యమాలు' అనేది టాపిక్. ఇలా విడగొడితే దాదాపు ముప్పై వస్తాయి. వాటిలో పద్దెనిమిదే ఎంచుకోవాలి. అడ్డగీత తప్పులు ఎక్కువగా ఉన్నవి ముందు. మన ఉదాహరణలో చరిత్రలో తొమ్మిది అడ్డగీత తప్పులు వచ్చి, అందులో నాలుగు సంఘ సంస్కరణ ఉద్యమాల్లోనే ఉంటే, అది జాబితాలో అన్నిటికన్నా పైన ఉంటుంది. టిక్కులన్నీ సరిపోయిన టాపిక్‌లకు మొదటి చదువు అవసరం లేదు, చివర్లో ఒకసారి చూసుకుంటే చాలు.

ఈ పద్దెనిమిదింటిలో ప్రతిదాన్నీ మూడుసార్లు తాకాలి. మొదటిసారి గంటన్నర, రెండు మూడు రోజుల తర్వాత ముప్పై అయిదు నిమిషాలు, ఇంకో మూడు నుంచి ఆరు రోజుల తర్వాత ఇరవై నిమిషాలు. గ్రాండ్ టెస్టులు నాలుగు: ఒకటో రోజు, అయిదో రోజు, తొమ్మిదో రోజు, పన్నెండో రోజు. టెస్ట్ ఉన్న రోజు కొత్త టాపిక్ ముట్టకూడదు. రెండున్నర గంటల పరీక్ష, కాస్త విరామం, తర్వాత కనీసం మూడు గంటల విశ్లేషణ ఉంటుంది. విశ్లేషణకు పరీక్ష కన్నా ఎక్కువ సమయం పట్టకపోతే అది విశ్లేషణ కాదు, కీ చూసుకోవడమే.

కొత్త టాపిక్‌లు రెండు, మూడు, నాలుగు రోజుల్లో రోజుకు మూడేసి, మళ్లీ ఆరు, ఏడు, ఎనిమిది రోజుల్లో మూడేసి. ఎనిమిదో రోజు రాత్రితో కొత్తది ఆగిపోతుంది. రెండో రోజు చదివినవి నాలుగో రోజు మళ్లీ తీయాలి. మూడో రోజువి ఆరున, నాలుగో రోజువి ఏడున, ఆరో రోజువి ఎనిమిదిన. ఏడు, ఎనిమిది రోజులవి కలిపి పదో రోజున. మూడోసారి చూడటం పదో రోజు నుంచి మొదలవుతుంది. ఆ రోజున రెండో రోజు టాపిక్‌లు, పదకొండున మూడు, నాలుగు రోజులవి, పదమూడున ఆరు, ఏడు రోజులవి, పద్నాలుగున మిగిలిన ఎనిమిదో రోజువి.

ఇందులో గంటలు సరిపోతాయో లేదో లెక్కవేసుకోవాలి, ఎందుకంటే చాలా టైమ్‌టేబుళ్లు చచ్చిపోయేది ఇక్కడే. బరువైన రోజులు నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిది. కొత్త టాపిక్‌లు మూడింటికి నాలుగున్నర గంటలు, పాతవి మూడింటికి గంటా నలభై అయిదు నిమిషాలు, మెంటల్ ఎబిలిటీకి గంట, కరెంట్ అఫైర్స్‌కు ముప్పావు గంట. మొత్తం ఎనిమిది గంటలు. ఇది పూర్తి సమయం చదివేవాళ్లు మోయగల బరువే. పదో రోజుకు అది ఆరుంపావు గంటలకు, పదకొండో రోజుకు నాలుగు గంటల లోపుకు తగ్గుతుంది. అలా మిగిలిన గంటలు ఖాళీ కాదు. తొమ్మిదో రోజు టెస్టులో కొత్తగా బయటపడ్డ లోపాలకు ఆ చోటు ముందే వదిలిపెట్టాం.

ఎనిమిదో రోజు తర్వాత కూడా కొత్త టాపిక్‌లు కలుపుతూ పోతే ఏమవుతుందో ఈ లెక్కే చెబుతుంది. పదో రోజున కొత్తగా చదివిన ప్రతి టాపిక్‌కూ పన్నెండు, పదమూడు రోజుల్లో రివిజన్ బాకీ పడుతుంది, పన్నెండున టెస్టు, పదమూడున పాత బాకీలు ఇప్పటికే ఉన్నాయి. ఏదో ఒకటి ఎగ్గొట్టక తప్పదు. మనం ఎప్పుడూ ఎగ్గొట్టేది రివిజన్నే, కొత్త పాఠాన్ని కాదు.

ఉద్యోగం చేస్తూ రోజుకు నాలుగు గంటలే దొరికేవాళ్లు ఏం చేయాలి? పద్దెనిమిది టాపిక్‌లను తొమ్మిదికి తగ్గించాలి, మూడు తాకిళ్లను మాత్రం తగ్గించకూడదు. ఒక్కసారి చదివిన పద్దెనిమిది టాపిక్‌లు పరీక్ష హాల్లో అడ్డగీతలు పుట్టిస్తాయి. మూడుసార్లు తాకిన తొమ్మిది టాపిక్‌లు టిక్కులు పుట్టిస్తాయి. వారం మధ్యలో టెస్టుకు ఆరు గంటలు దొరకవు కాబట్టి సెలవు రోజులకు జరిపి, నాలుగుకు బదులు మూడు రాసినా నష్టం లేదు.

రెండోసారి తాకడం అంటే ఏమిటో వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని అందరూ 'మళ్లీ చదవడం' అనే అనుకుంటారు. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద ఆ టాపిక్‌లో గుర్తున్నదంతా పదిహేను నిమిషాలు రాయాలి. సంఘ సంస్కరణ ఉద్యమాలైతే సమాజం పేరు, స్థాపకుడు, సంవత్సరం, ఊరు. బ్రహ్మసమాజం 1828, రామమోహన్ రాయ్ వస్తాయి. ప్రార్థనా సమాజం 1867 వస్తుంది. ఫూలే సత్యశోధక్ సమాజం 1873నా 1875నా అని ఆగిపోతాం. కందుకూరి రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించింది 1881లో అని గుర్తుంటుంది, పక్కనున్న ఇంకో సంవత్సరం గుర్తుండదు. ఆగిపోయిన చోటల్లా ప్రశ్నార్థకం పెట్టి ముందుకు వెళ్లాలి. తర్వాత ఇరవై నిమిషాలు పుస్తకం తెరిచి ప్రశ్నార్థకాలు మాత్రమే సరిచూసుకోవాలి. మూడోసారికి ఆ కాగితమే సరిపోతుంది, పుస్తకం అక్కర్లేదు.

ఇది కష్టంగా ఉంటుంది, చికాకు పుడుతుంది. తిరిగి చదవడం హాయిగా ఉంటుంది, అంతా తెలిసినట్టే అనిపిస్తుంది. ఆ హాయే మోసం. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, మరికొందరు ఒకసారి చదివాక చూడకుండా రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్లకు ఎక్కువ గుర్తుంది. మన పరీక్ష అయిదు నిమిషాల్లో లేదు.

మెంటల్ ఎబిలిటీని ఈ తాకిళ్ల లెక్కలో కలపలేదు. అది జ్ఞాపకం కాదు, సాధన. శాతాలు, కాలం-పని, నంబర్ సిరీస్, కోడింగ్ అన్నీ కలిపిన ముప్పై బిట్లు రోజూ గడియారం పెట్టుకుని చేయాలి. ఒకరోజంతా శాతాలే చేస్తే ప్రతి లెక్కకూ ఏ సూత్రమో ముందే తెలిసిపోతుంది. పరీక్షలో అసలు కష్టం ఆ గుర్తుపట్టడంలోనే ఉంటుంది. కరెంట్ అఫైర్స్‌ను తాజా నెల నుంచి వెనక్కి చదువుతూ రావాలి, సమయం అయిపోయిన చోట ఆపేయాలి.

మళ్లీ మన అభ్యర్థి దగ్గరికి వద్దాం. తొమ్మిదో రోజు టెస్టులో 114 పెట్టాడనుకుందాం. 62 టిక్కుల్లో 56 సరైనవి. 42 అడ్డగీతల్లో 20 సరైనవి. చుక్కలు పదే, వాటిలో రెండు తగిలాయి. మొత్తం 78 సరైనవి, 36 తప్పులు, నికరం 66. ఎనిమిది రోజుల్లో 14 మార్కులు పెరిగాయి. ఎక్కడ పెరిగాయో విడదీస్తే, పదిన్నరకు పైగా టిక్కుల నుంచే వచ్చాయి, మూడుకు పైగా అడ్డగీతల నుంచి. చుక్కలు 30 నుంచి పదికి తగ్గినందుకు ఒక్క మార్కు కూడా కలవలేదు. కానీ ఆ ఇరవై బిట్ల మీద పోయే సమయం మిగిలి లెక్కలకు దక్కింది.

వేర్వేరు సంస్థల టెస్టుల కఠినత్వం ఒకేలా ఉండదు. కాబట్టి 52 నుంచి 66 అయిందని పొంగిపోవద్దు, 66 నుంచి 60 అయిందని కుంగిపోవద్దు. టిక్కుల్లో ఎన్ని నిజంగా సరైనవి, అడ్డగీతల్లో ఎంత శాతం తగులుతున్నాయి అనేదే చూడాలి. టిక్కులు పదింట తొమ్మిది సరిపోతుంటే దారి సరైనదే. అడ్డగీతలు నాలుగింట ఒకటి కన్నా తక్కువ తగులుతుంటే, రెండు ఆప్షన్లు తీసేస్తున్నామని మనం అనుకుంటున్నామే గానీ నిజానికి సరైనదాన్నే తీసేస్తున్నాం. అలాంటి విభాగంలో ఆ బిట్లు వదిలేయడమే నయం. ఏ విభాగంలో అడ్డగీతలు పెట్టాలి, ఏ విభాగంలో వదలాలి అన్నది పన్నెండో రోజు టెస్టు తర్వాత తేల్చుకోవాలి. పాత అసలు పేపరు ఇంకా చూడకుండా ఉంటే దాన్ని ఈ రోజుకు దాచుకోవాలి.

సమయం పంపకం కూడా ఆ రోజే ఖాయమైపోవాలి. 150 బిట్లకు 150 నిమిషాలంటే బిట్‌కు నిమిషం అనిపిస్తుంది గానీ, మెంటల్ ఎబిలిటీ ముప్పై బిట్లే నలభై అయిదు యాభై నిమిషాలు తింటాయి. మిగిలిన 120 బిట్లు, బబ్లింగ్ అంతా కలిపి వంద నిమిషాల్లో అయిపోవాలి. మొదటి చుట్టులో టిక్కులు మాత్రమే పెట్టి, రెండో చుట్టులో లెక్కలు చేసి, మూడో చుట్టులో అడ్డగీతలకు వెళ్లడం చాలామందికి కుదురుతుంది. ఓఎంఆర్ మాత్రం పేజీకి పేజీ దిద్దుకుంటూ పోవాలి. చివరి పది నిమిషాల్లో అన్నీ ఒకేసారి దిద్దుదామనుకుంటే, మధ్యలో వదిలేసిన ఒక్క బిట్ వల్ల ఒక వరుస జారిపోయి కింది జవాబులన్నీ తప్పవుతాయి.

మధ్యలో ఒక రోజు జ్వరం వల్లో పెళ్లి వల్లో పోతే క్యాలెండర్ మొత్తాన్ని ఒక రోజు వెనక్కి జరపకూడదు. ఆ రోజు చదవాల్సిన కొత్త టాపిక్‌లు మూడూ జాబితా నుంచి తీసేయాలి, ఆ రోజుకు పడ్డ రివిజన్ మాత్రం మర్నాడు ఉదయం ముందుగా పూర్తిచేయాలి. పదమూడు, పద్నాలుగు రోజుల్లో గ్రాండ్ టెస్ట్ రాయకూడదు. ఆ సమయంలో బయటపడ్డ లోపాన్ని సరిచేసే వ్యవధి ఉండదు, మార్కులు తగ్గితే ఆ రాత్రి నిద్ర పట్టదు. పద్నాలుగో రోజున ఎనిమిదో రోజు టాపిక్‌ల కాగితాలు మూడు, టిక్ పెట్టి పోయినవి రాసిన చిన్న నోటుబుక్కు, మధ్యాహ్నం ఒక అరగంట లెక్కలు. సాయంత్రానికి హాల్‌టికెట్, గుర్తింపు కార్డు, రెండు పెన్నులు సంచిలో పెట్టేసుకుని, కేంద్రానికి ఏ బస్సు ఎన్నింటికో కనుక్కోవాలి.